విదేశీ క్లయింట్లకు మీటింగ్ వేళలు పంపేవారికి ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ నగరాల్లో కూర్చుని అమెరికా, బ్రిటన్ క్లయింట్లతో పనిచేస్తున్న ప్రాజెక్ట్ మేనేజర్లకు, టీమ్ లీడ్లకు, డెలివరీ కోఆర్డినేటర్లకు నమస్కారాలతో రాస్తున్న లేఖ ఇది.

నేను కూడా మీలాగే ఏళ్ల తరబడి ఆఫ్‌షోర్ టీమ్‌కూ క్లయింట్‌కూ నడుమ కాల్స్ కుదిర్చే పని చేస్తున్నాను. ఈ పనిలో మనం రోజూ పంపే ఒక చిన్న మెయిల్ గురించి మీతో మాట్లాడాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. "రేపు రాత్రి 8 గంటలకు, ఐఎస్టీ, మీకు వీలవుతుందా?" అని మనం రాస్తాం. మనకు అది ఒక్క వాక్యమే. అవతల డాలస్‌లో కూర్చున్న మనిషి మాత్రం ఆ వాక్యం చదవగానే మూడు లెక్కలు కట్టుకోవాలి. హైదరాబాద్‌కూ తన ఊరికీ ఇప్పుడు తేడా ఎన్ని గంటలో తెలుసుకోవాలి, అందులో అరగంటను సరైన దిక్కుకు జరపాలి, మనం రాసిన "రేపు" అన్నది తన రేపా, మన రేపా అన్నది తేల్చుకోవాలి. అది అయ్యాక గానీ తన క్యాలెండర్‌లో ఆ గంట ఖాళీగా ఉందో లేదో చూడటం మొదలుకాదు. ముగ్గురు క్లయింట్లు ఆ మెయిల్‌లో ఉంటే ముగ్గురూ విడివిడిగా అదే లెక్క కడతారు, వారిలో ఒక్కరు తప్పినా కాల్ పోతుంది. వేళ ప్రతిపాదించేవాడు ఆ లెక్క ఒక్కసారి కట్టి, సరిచూసి, ఫలితాన్ని అందరి గడియారాల్లోనూ రాసి పంపితే ఇంకెవరికీ ఆ పని మిగలదు. అది మన పనేనని చెప్పడానికే ఈ లేఖ.

నేను ఈ పాఠం ఎలా నేర్చుకున్నానో ముందు చెప్పాలి. డాలస్ క్లయింట్‌తో పనిచేసే మన వాళ్లలో ఒక చిట్కా చెలామణిలో ఉంది. మన గంటలోని రాత్రిని పగలు చేసి, అరగంట కలిపితే డాలస్ గంట వస్తుంది. మన రాత్రి 8 వాళ్ల ఉదయం 8:30, మన రాత్రి 9 వాళ్ల ఉదయం 9:30. చలికాలంలో ఇది అచ్చంగా నిజం, ఎందుకంటే అప్పుడు మనకూ డాలస్‌కూ తేడా పదకొండున్నర గంటలు. నేను చేరింది నవంబర్‌లో కాబట్టి నాలుగు నెలల పాటు ఆ చిట్కా ఒక్కసారి కూడా తప్పలేదు. మార్చి రెండో వారంలో క్లయింట్ మేనేజర్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. మంగళవారం ఉదయం 8:30కి, సీఎస్టీ, ముఖ్యమైన విషయం మాట్లాడాలి అని అందులో ఉంది. నేను చిట్కా తిరగేసి, రాత్రి 8 గంటలు అని లెక్కగట్టి, "8 పీఎం ఐఎస్టీకి ఖాయం" అని జవాబు రాశాను. మంగళవారం సాయంత్రం 7 గంటలకు నేను క్యాంటీన్‌లో టీ తాగుతుండగా ఆయన, ఆయన పై అధికారి కాల్‌లో మా కోసం ఎదురుచూస్తున్నారు. ఇరవై నిమిషాలు చూసి వెళ్లిపోయారు. నేను రాత్రి 8కి చేరేసరికి అక్కడ తొమ్మిదిన్నర అయ్యింది.

ఆ ముందటి ఆదివారమే అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిగాయి. అప్పటి నుంచి డాలస్‌కూ మనకూ తేడా పదిన్నర గంటలు. నిజానికి సీఎస్టీ అనే మాట చలికాలపు గడియారానికే పేరు, వేసవి గడియారానికి సీడీటీ అనే వేరే పేరు ఉంది. అయినా అమెరికాలో చాలామంది ఏడాది పొడవునా సీఎస్టీ, ఈఎస్టీ అనే రాస్తారు. వాళ్ల ఉద్దేశం "మా గోడ మీద గడియారం చూపే వేళ" అని మాత్రమే. నేను ఆ మూడక్షరాలను అక్షరాలా నమ్మి లెక్క కట్టాను. ఆయన నా "8 పీఎం ఐఎస్టీ" చదివి, తన లెక్క తాను కట్టకుండా, ఖాయమైందనే మాట మాత్రం చూసుకున్నారు. ఎవరి వాక్యం వాళ్లకు సరైనదే. రెండు గడియారాలూ ఒకే వరుసలో కనబడి ఉంటే మాత్రం ఆయనకో నాకో ఆ గంట తేడా కంటికి తగిలేది.

అందుకని మొదటి మనవి: మూడక్షరాల పేర్లు మానేసి ఊరి పేరు రాయండి. ఐఎస్టీ అంటే మనకు భారత కాలమానం, ఇజ్రాయెల్ వారికి వారి చలికాలపు గడియారం, ఐర్లండ్ వారికి వారి వేసవి గడియారం. సీఎస్టీ అమెరికా మధ్య ప్రాంతానిదీ కావచ్చు, చైనాదీ కావచ్చు. ప్రాంతం పేరు పూర్తిగా రాసినా చిక్కు పోదు. "మౌంటెన్ టైమ్" అన్నామనుకోండి, డెన్వర్‌లో గడియారం ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, అదే మౌంటెన్ టైమ్‌లో ఉన్న ఫీనిక్స్‌లో అసలు జరగదు. ఆరిజోనా రాష్ట్రంలో నవాజో నేషన్ మినహా మిగతా అంతా ఏడాది పొడవునా ఒకే గడియారం పాటిస్తుంది. ఆస్ట్రేలియాలో కూడా ఇంతే: సిడ్నీ మారుతుంది, బ్రిస్బేన్ మారదు. "ఉదయం 8:30, డాలస్" అంటే మాత్రం ఏ నెలలో చదివినా ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే ఏ ఊరికైనా ఆ రోజున ఉండేది ఒక్క గడియారమే. క్లయింట్ ఏ ఊళ్లో ఉన్నారో మీకు తెలియకపోతే మొదటి కాల్‌లోనే అడగండి. కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరే ఆయన ఊరు అనుకోవద్దు. ఇంటి నుంచి పనిచేసేవారు పెరిగాక ఇది మరీ అవసరమైంది.

ఇక మెయిల్‌లో వేళ ఎలా రాయాలన్నది. మూడు వేళలు ఇస్తే చాలు. ఐదారు ఇస్తే క్లయింట్ వాటి మధ్య ఎంచుకోవడం కూడా ఒక పనైపోతుంది. ఒక్కటే ఇస్తే అది ప్రతిపాదన కాకుండా పిలుపవుతుంది. ఒక్కో వేళ ఒక్కో వరుసలో ఉండాలి. వరుసలో మొదట వారం, తేదీ, తర్వాత క్లయింట్ ఊరి వేళ, చివర మన వేళ రావాలి. 2026 మార్చి రెండో వారానికి డాలస్ క్లయింట్‌కు నేను పంపే వరుసలు ఇలా ఉంటాయి:

```
Tue 10 Mar 2026 | 8:30 AM Dallas | 7:00 PM Hyderabad
Wed 11 Mar 2026 | 9:00 AM Dallas | 7:30 PM Hyderabad
Thu 12 Mar 2026 | 8:00 AM Dallas | 6:30 PM Hyderabad
```

క్లయింట్ వేళ ముందు రాయడం మర్యాద కోసం మాత్రమే కాదు. ఫోన్‌లో మెయిల్ చూసేవారు వరుసలో మొదటి గంటనే చూసి నిర్ణయించేసుకుంటారు, కాబట్టి ఆ మొదటి గంట వారిదై ఉండాలి. మన వేళను అయినా తీసేయకూడదు. అది మన టీమ్ కోసం, ఇంకా లెక్క తప్పితే పట్టుకోవడం కోసం. నేను తేడాను పదకొండున్నర గంటలుగా పొరబడి ఉంటే మొదటి వరుసలో డాలస్ 8:30 పక్కన హైదరాబాద్ 8:00 అని పడేది, ఆ వారంలో పదిన్నర గంటల తేడా ఉందని తెలిసిన ఏ ఒక్కరైనా దాన్ని చూసి ఆపగలిగేవారు. నెలను అంకెలో కాకుండా పేరుతో రాయడానికీ కారణం ఉంది. 03/04 అని రాస్తే మనం ఏప్రిల్ 3 అనుకుంటాం, అమెరికా వారు మార్చి 4 అని చదువుతారు. పక్కనే వారం పేరు ఉంటే అది రెండో కాపలా, తేదీకీ వారానికీ పొంతన కుదరకపోతే ఎవరో ఒకరు తిరిగి అడుగుతారు. "రేపు", "వచ్చే మంగళవారం", "ఈ రాత్రి 12 గంటలకు" అనే మాటలు ఈ మెయిల్స్‌లో రాయకండి. రాత్రి 12 అనేది ఏ తేదీకి చెందుతుందన్న దాని మీద ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరే ఒక మాట మీద ఉండరు.

రెండు ఊళ్లలో తేదీ వేరైతే రెండు తేదీలూ రాయాల్సిందే. మనకు సోమవారం ఉదయం 9 గంటలు ఎంతో మామూలు వేళ. లాస్ ఏంజెలెస్‌లో అది ఆదివారం రాత్రి. వేసవి గడియారం నడుస్తున్నప్పుడు అయితే ఇలా రాయాలి:

```
Sun 15 Mar 8:30 PM Los Angeles | Mon 16 Mar 9:00 AM Hyderabad
```

ఇలా రాసిన క్షణంలోనే ఆ వేళ పంపకూడదని మనకే అర్థమవుతుంది. ఆదివారం రాత్రి పిల్లలను పడుకోబెట్టే వేళకు ఎవరినీ కాల్‌కు పిలవం కదా. మన వేళ ఒక్కటే రాసి ఉంటే ఆ సంగతి అవతలి మనిషికి తెలిసేది, మనకు తెలిసేది కాదు. ఇలాగే మన శనివారం ఉదయం వాళ్ల శుక్రవారం సాయంత్రం అవుతుంది. అది వారికి పని రోజే గనుక వారే అడుగుతారు, మన టీమ్‌కు సెలవు పోతుంది. రెండు తేదీలూ పక్కపక్కన ఉంటే ఈ బేరం దాపరికం లేకుండా జరుగుతుంది.

వేళలు ఎంచుకోవడం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. మన గడియారంలో గుండ్రని గంటల నుంచి మొదలుపెడితే అవతలికి అరగంటలే పడతాయి, ఎందుకంటే మన కాలమానం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. అందులో తప్పేమీ లేదు గానీ, చాలామంది క్లయింట్ల రోజు గంట నుంచి గంటకు కట్టిన మీటింగ్‌లతో నిండి ఉంటుంది. 8:30 నుంచి 9:30 అంటే వారి రెండు గంటల ఖాళీలను మనం ఒకేసారి కొరికినట్టు అవుతుంది. గంటసేపు కాల్ అయితే వారి 8 నుంచి 9 లేదా 9 నుంచి 10 అడగడం మేలు, వేసవి గడియారంలో మనకు అవి ఆరున్నర, ఏడున్నర అవుతాయి. అరగంట కాల్ అయితే 8:30 కూడా బాగానే ఇముడుతుంది. నేను వెతకడం ఎప్పుడూ వారి రోజు నుంచే మొదలుపెట్టి, మన వైపు క్యాబ్ వేళలకు, భోజనాలకు అది సరిపోతుందా అని చివర చూస్తాను.

క్లయింట్ మూడింటిలో ఒకటి ఒప్పుకోగానే ఇన్వైట్ పంపాలి. "సరే, కలుద్దాం" అని మెయిల్‌తో ఊరుకుంటే నా మార్చి మంగళవారం మళ్లీ వస్తుంది. మెయిల్‌లోని వరుస మనుషులు నిర్ణయించుకోవడానికి, ఇన్వైట్ యంత్రాలు గుర్తుంచుకోవడానికి. ఇన్వైట్ ఒక నిర్దిష్ట క్షణాన్ని పట్టుకుని, తెరిచిన ప్రతి ఒక్కరికీ వారి పరికరం ఉన్న ఊరి వేళలో చూపుతుంది. క్లయింట్ ఆ వారం డాలస్ నుంచి సియాటిల్ వెళ్లినా అది అక్కడి వేళకు తానే మారుతుంది. అయితే ఇన్వైట్ శీర్షికలో "8:30 ఏఎం కాల్" అని మనం టైప్ చేసిన అంకె మాత్రం మారదు. మీటింగ్‌ను తర్వాత అరగంట జరిపినా ఆ పాత అంకె శీర్షికలో అలాగే మిగిలి, సరైన వేళకూ దానికీ మధ్య ఏది నమ్మాలో తెలియని స్థితి తెస్తుంది. శీర్షికలో విషయం రాయండి, వేళ రాయకండి.

ఇన్వైట్ తయారు చేసేటప్పుడు ఎక్కువమంది పొరబడేది కాలమండలం ఎంచుకునే జాబితాలో. అవుట్‌లుక్‌లో ఆ జాబితా తెరిస్తే డాలస్‌కు కావలసిన వరుస `(UTC-06:00) Central Time (US & Canada)` అని ఉంటుంది. జూలైలో చూసినా అక్కడ −06:00 అనే ఉంటుంది, అప్పుడు డాలస్ నిజంగా −05:00లో ఉన్నా సరే. ఆ అంకె చలికాలపు తేడాను మాత్రమే చెప్పే లేబుల్. లోపల వేసవి లెక్క సరిగానే జరుగుతుంది. ఇది తెలియని ఒక మిత్రుడు జూలైలో ఆ అంకెను చూసి "ఇది తప్పుగా చూపిస్తోంది" అని పక్కనున్న వరుసను ఎంచుకున్నాడు. ఆ చుట్టుపక్కలే `(UTC-06:00) Saskatchewan` అని మరో వరుస ఉంటుంది. కెనడాలోని ఆ రాష్ట్రంలో దాదాపు అంతటా గడియారం మారదు. చలికాలంలో దాన్ని ఎంచుకున్నా తేడా తెలియదు, డాలస్‌తో సమానంగా నడుస్తుంది. మార్చి రెండో ఆదివారం తర్వాతే గంట తప్పుతుంది. మన వరుస సంగతి మాత్రం నిశ్చింత: `(UTC+05:30) Chennai, Kolkata, Mumbai, New Delhi` అని ఉంటుంది, అందులో హైదరాబాద్ లేదని వెతుక్కుంటూ దాని దగ్గర్లో ఉన్న శ్రీలంక వరుసను నొక్కినా నష్టం లేదు, రెండూ ఒకే గడియారం.

ఇన్వైట్ లోపల ఏముంటుందో ఒకసారి చూస్తే ఇదంతా సులువుగా అర్థమవుతుంది. క్యాలెండర్ ఫైల్‌లో మీటింగ్ మొదలయ్యే వేళ ఈ మూడు రూపాల్లో ఏదో ఒకటిగా ఉంటుంది:

```
DTSTART;TZID=America/Chicago:20260310T083000
DTSTART:20260310T133000Z
DTSTART:20260310T083000
```

మొదటిది "డాలస్ గోడ మీద ఉదయం 8:30" అని చెబుతుంది. కాలమండలాల పట్టికలో డాలస్‌కు విడిగా పేరు లేదు, షికాగో పేరు మీదే నడుస్తుంది. రెండోది అదే క్షణాన్ని యూటీసీలో, అంటే గ్రీనిచ్‌తో సమానమైన లెక్కలో చెబుతుంది, చివరి జెడ్ అక్షరం దానికే గుర్తు. ఒక్కసారి జరిగే కాల్‌కు ఈ రెండింటిలో ఏదైనా ఒకటే. మూడోదానిలో ఊరూ లేదు, జెడ్ కూడా లేదు. దాన్ని తెరిచిన ప్రతివాడికీ అది తన ఊరి 8:30గానే కనిపిస్తుంది. డాలస్‌లో ఉదయం 8:30, హైదరాబాద్‌లో కూడా ఉదయం 8:30. చేత్తోనో చిన్న ప్రోగ్రామ్‌తోనో ఫైల్ తయారు చేసి మెయిల్‌కు జతచేసే చోట్ల ఈ మూడోరకం ఎక్కువగా పుడుతుంది. మీ టీమ్ పంపిన ఇన్వైట్ ఇరు వైపులా ఒకే అంకె చూపిస్తోందంటే కారణం చాలావరకు ఇదే.

వారంవారం వచ్చే మీటింగ్‌కు వచ్చేసరికి మొదటి రూపానికీ రెండోదానికీ తేడా పెద్దదవుతుంది, ఈ లేఖలో నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్నది ఇక్కడే. వారపు మీటింగ్‌కు ఒక లంగరు ఉంటుంది. ఏ ఊరి గడియారానికి దాన్ని కట్టామో ఆ ఊళ్లో వేళ ఎప్పుడూ మారదు, మారేది మిగతా ఊళ్లలో. మనం హైదరాబాద్‌లో కూర్చుని, కాలమండలం గురించి ఆలోచించకుండా, రాత్రి 8 గంటలకు ఇన్వైట్ చేస్తే లంగరు హైదరాబాద్‌లో పడుతుంది. ఫిబ్రవరిలో డాలస్ వారికి అది ఉదయం 8:30. మార్చి రెండో ఆదివారం తర్వాత, మనం వేలు కూడా కదపకుండానే, వారికి అది 9:30 అవుతుంది, ఆ గంటలో వారికి ముందే వేరే మీటింగ్ ఉండి ఉంటుంది. మన వైపు ఏమీ మారలేదు కాబట్టి మనకు ఆ ఢీ కనిపించదు. యూటీసీకి కట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే మనకు, యూటీసీకి తేడా ఎన్నడూ మారదు.

లండన్ నుంచి కూడా ఒకరు చేరే మీటింగ్ అయితే లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, బ్రిటన్‌వి మార్చి చివరి ఆదివారం. 2026లో ఆ తేదీలు మార్చి 8, మార్చి 29. వెనక్కి రావడం బ్రిటన్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, 25న, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం, 1న. ప్రతి మంగళవారం డాలస్ ఉదయం 8:30కి కట్టిన మీటింగ్‌ను ఈ తేదీల మీదుగా నడిపించి చూడండి. మార్చి 3న లండన్‌లో మధ్యాహ్నం 2:30, హైదరాబాద్‌లో రాత్రి 8. మార్చి 10న లండన్‌లో 1:30, హైదరాబాద్‌లో సాయంత్రం 7. 17న, 24న కూడా అంతే. మార్చి 31న లండన్ మళ్లీ 2:30కి వస్తుంది, హైదరాబాద్ మాత్రం 7 గంటల దగ్గరే ఉండిపోతుంది. అక్టోబర్ 27న ఒక్క వారం లండన్‌కు 1:30 అవుతుంది, నవంబర్ 3 నుంచి తిరిగి లండన్‌కు 2:30, మనకు రాత్రి 8. అంటే లండన్ మనిషికి ఏడాదిలో నాలుగు మంగళవారాలు మాత్రం గంట ముందు పడతాయి, మనకు మార్చి 10 నుంచి అక్టోబర్ 27 దాకా అన్ని మంగళవారాలూ గంట ముందే. ఆ మూడు వారాల మార్చిలో "లండన్ ఎప్పుడూ డాలస్ కన్నా ఆరు గంటలు ముందు" అనే కంఠస్థం పనికిరాదు, అప్పుడు ఆ తేడా ఐదు గంటలే.

లంగరు ఎక్కడ వేయాలన్నది పూర్తిగా లెక్కకు సంబంధించిన ప్రశ్న కాదు. నా అభిప్రాయం నేను చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. గడియారం మారే ఊళ్లో, అందులోనూ ఎక్కువమంది చేరే ఊళ్లో లంగరు వేయడం మంచిది. అక్కడివారి రోజంతా ఆ గడియారంతోనే జరుగుతుంది, వారి మిగతా మీటింగ్‌లన్నీ దానితో పాటే కదులుతాయి, మన మీటింగ్ ఒక్కటే కదలకపోతే అది దేన్నో ఒకదాన్ని ఢీకొంటుంది. మన వైపు ఏడాదికి రెండుసార్లు గంట మార్పు వస్తుందని ముందే చెప్పి ఉంచితే సర్దుకోవడం మనకు సాధ్యమే. అయితే ఆ భారం ఎవరి మీద పడుతుందో కళ్లు తెరిచి చూడాలి. రాత్రి 8కి మొదలయ్యే గంట కాల్ తర్వాత క్యాబ్ ఎక్కే అమ్మాయి ఇల్లు చేరేసరికి పదవుతుంది. ఆమెకు నవంబర్ నుంచి మార్చి దాకా ఇదే రోజువారీ. చలికాలంలో ఆ మీటింగ్‌ను డాలస్ ఉదయం 7:30కి జరపగలరా అని క్లయింట్‌ను ఒక్కసారి అడగడంలో తప్పు లేదు. నేను అడిగిన రెండు చోట్ల ఒకరు ఒప్పుకున్నారు, రెండోవారు ఒప్పుకోలేదు కానీ, ఇక్కడ అప్పుడు రాత్రి ఎంతవుతుందో తెలియదని అన్నారు. వాళ్లకు మనం ఎప్పుడూ హైదరాబాద్ గంట రాసి పంపలేదు మరి.

గడియారాలు మారే ప్రతిసారీ దానికి పది రోజుల ముందు ఒక మెయిల్ పంపడం నేను అలవాటు చేసుకున్నాను. అందులో మన మీటింగ్ డాలస్‌లో మారదని, హైదరాబాద్‌లో ఫలానా తేదీ నుంచి ఫలానా గంటకు జరుగుతుందని, లండన్‌లో ఏ వారాల్లో తేడా ఉంటుందో తేదీలతో సహా రాస్తాను. అంతకన్నా ముందు నా క్యాలెండర్‌లో మార్పు తర్వాతి మొదటి మంగళవారాన్ని తెరిచి, మీటింగ్ నిజంగా ఎక్కడ కూర్చుందో చూస్తాను. గూగుల్ క్యాలెండర్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ రెండో కాలమండలాన్ని పక్కన పెట్టుకునే వీలుంది, దాన్ని డాలస్‌కు పెట్టుకుంటే రెండు గంటల వరుసలూ ఎడమ అంచున పక్కపక్కనే కనబడతాయి, చిట్కాల అవసరం ఉండదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. చూడాల్సింది ఈ రోజు తేడా కాదు, మీటింగ్ జరిగే రోజు తేడా. ఫిబ్రవరి చివర కూర్చుని మార్చి మధ్య వారానికి వేళలు పంపేవారు ఈ రోజు గడియారాన్ని చూసి లెక్క కడితే, సరిగ్గా ఒక గంట తప్పుతారు. వెబ్‌లో "ఇప్పుడు డాలస్‌లో టైమ్ ఎంత" అని వెతికి తేడా తీసుకునేవారికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

బుకింగ్ లింకు పంపితే ఈ తలనొప్పి అంతా ఉండదు కదా అని కొందరు అడుగుతారు. లింకు తెరిచినవారికి ఖాళీ వేళలు వారి ఊరి గడియారంలోనే కనిపిస్తాయి, ఆ మేరకు అది మంచిదే. కానీ అందులో ఖాళీ వేళలు మనం మన గడియారంలో పెట్టినవి. సాయంత్రం 6:30 నుంచి 8:30 దాకా అని పెట్టి మరిచిపోతే, వేసవిలో డాలస్ వారికి ఉదయం 8 నుంచి 10 కనిపిస్తాయి, చలికాలంలో 7 నుంచి 9 కనిపిస్తాయి, అప్పుడు ఉదయం 7 గంటల స్లాట్ చూసి వారు ఏమనుకుంటారో ఊహించుకోండి. పైగా పెద్ద హోదాలో ఉన్న క్లయింట్‌కు మొదటి పరిచయంలోనే లింకు పంపి "మీరే వెతుక్కోండి" అనడం నాకు నచ్చదు. ఏడాదిగా కలిసి పనిచేస్తున్న వారితో, చిన్న కాల్స్ కోసం లింకు వాడతాను. మిగతా అందరికీ మూడు వరుసలే.

మిమ్మల్ని నేను కోరేది ఇది. ఈ వారం మీ క్యాలెండర్ తెరిచి, క్లయింట్‌తో ఉన్న ప్రతి వారపు మీటింగ్ లంగరు ఏ ఊళ్లో ఉందో చూడండి. అది మీరు అనుకోకుండా హైదరాబాద్‌లో పడి ఉంటే, క్లయింట్‌తో మాట్లాడి, కావాలనుకున్న ఊరికి మార్చి, పాతది రద్దు చేసి కొత్త ఇన్వైట్ పంపండి. గడియారం తర్వాతిసారి మారే ఆదివారాన్ని గుర్తుపెట్టుకుని, దానికి పది రోజుల ముందు మీ టీమ్‌కు, క్లయింట్‌కు ఒకే మెయిల్‌లో మూడు ఊళ్ల వేళలూ రాసి పంపండి. ఆ మెయిల్ పంపేముందు అందులోని ఒక్క వరుసను పక్క సీటు వారికి చూపి లెక్క సరిచూడమనండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక డెలివరీ కోఆర్డినేటర్